జరీ మాట తప్పింది: కొన్నావిడకు రాసిన ఉత్తరం

(చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు చీరల ఫోటోలు ఎలా తీయాలో చెప్పమన్నారు. ఫోటోల గురించి నాకన్నా మా చెల్లెలికి బాగా తెలుసు, ఆమెను ఇంకోసారి పిలవండి. నేను ఫోటో కింద రాసే నాలుగు లైన్ల గురించి మాట్లాడతాను. ఆ నాలుగు లైన్లలో ఒక మాట తప్పు రాసి, ముగ్గురికి చీరలు అమ్మేసి, ఆ తర్వాత వాళ్లకు ఉత్తరాలు రాసుకున్నాను. ఆ ఉత్తరం మొదట ఎంత చెడ్డగా రాశానో, తర్వాత ఎలా మార్చానో, అందులో లెక్క ఎలా వేశానో చెబుతాను.

జరిగింది ఇది. గద్వాలలో మాకు చాలా ఏళ్లుగా నేసి ఇచ్చే ఒకాయన ఉన్నారు. ఒకే పడుగు మీద నేసిన నాలుగు పట్టు చీరలు పంపారు. కుప్పడం అంచు, నిండు కొంగు, రంగులు వేరువేరు. అంతకు ముందు నెల ఆయన దగ్గరే ప్యూర్ జరీ చీర ఒకటి తెచ్చి అమ్మాను. ఆ చీరకు రాసిన వివరం నా ఫోన్‌లో ఉంది. రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక, ఆ పాత వివరాన్నే కాపీ చేసి, రంగు పేరు మార్చి, నాలుగు చీరలకూ పెట్టేశాను. ధర కూడా పాతదే, 21,500. మీలో ఈ పని చేయనివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) సరే, ఎవరూ ఎత్తలేదు.

ఆ వివరంలో ‘ప్యూర్ జరీ’ అని ఉంది. కొత్త చీరల్లో ఉన్నది టెస్టెడ్ జరీ. నేతాయన ఏమీ దాచలేదు. బిల్లులో చీర పక్కన ‘టె.’ అని రాసే పంపారు. ఆ ‘టె.’ని నేనే చూడలేదు.

జరీ గురించి తెలిసినవాళ్లు కాసేపు ఓపిక పట్టండి, కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. ప్యూర్ జరీ అంటే సన్నటి వెండి తీగను చదును చేసి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పెట్టినది. టెస్టెడ్ జరీలో లోపలుండేది రాగి తీగ. దాని మీద వెండి పూత, ఆ పైన బంగారు రంగు. దారం కూడా పట్టు కానక్కర్లేదు. ఇక ప్లాస్టిక్ జరీ అని మనం పిలిచేది మెరిసే పాలిస్టర్. మూడూ మెరుస్తాయి. కొత్తలో ఫోటోలో చూస్తే మూడింటినీ నేనే తేడా పట్టలేను.

ఇంకో తికమక కూడా ఉంది. చీరకు సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే జరీ కూడా అసలుదే అనుకుంటారు చాలామంది. సిల్క్ మార్క్ అనేది సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చిన గుర్తు. అది పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది, జరీ ఊసెత్తదు. నా చీరలకు ఆ లేబుల్ ఉంది, పట్టు అసలైనదే. అందుకే కొన్నవాళ్లకు కూడా అనుమానం రాలేదు.

తప్పు బయటపడింది నాలుగో చీర దగ్గర. మిగతా మూడూ అమ్ముడైపోయాయి. నాలుగోది కొనాలనుకున్న ఒకావిడ ‘జరీ టెస్ట్ చేయించిన కాగితం ఏమైనా ఉందా అక్కా?’ అని మెసేజ్ పెట్టింది. నాకు ధీమా. వెనకవైపు వేలాడుతున్న జరీ పోగు ఒకటి లాగి గోటితో గీకాను. ప్యూర్ జరీ అయితే లోపల ఎర్ర పట్టు దారం కనబడుతుందని మనవాళ్లు అంటారు కదా. ఇందులో తెల్లటి దారం కనబడింది. ఈ గోటి పరీక్షను పూర్తిగా నమ్మొద్దు, దారానికి ఎర్ర రంగు వేయడం ఎవరికైనా వచ్చు. తెల్లదారం కనబడితే మాత్రం అనుమానించాల్సిందే.

మా వీధి చివర బంగారం షాపులో ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ ఉంది. నగ పెడితే అందులో ఏ లోహం ఎంతుందో స్క్రీన్ మీద చూపిస్తుంది. జరీ పోగులు కొన్ని చిన్న ముద్దలా చుట్టి ఆయన చేతిలో పెట్టాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. స్క్రీన్ మీద పైన రాగి, దాని కింద ఎంతో దూరంలో వెండి. ఆయన నావైపు చూసి, ‘అమ్మా, ఇది రాగి’ అన్నారు. నేను అప్పుడు ఇంటికొచ్చి బిల్లు తీసి చూస్తే ‘టె.’ కనబడింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. కొందరు ‘జరీ నల్లబడింది, కాబట్టి అది డూప్లికేట్’ అంటారు. వెండి కూడా గాలికి, చెమటకు, సెంటుకు నల్లబడుతుంది. నల్లబడినంత మాత్రాన తప్పు మీదేనని ఒప్పుకోకండి, నల్లబడలేదు కాబట్టి తప్పు లేదనీ అనుకోకండి. ముందు పోగు తీసి చూపించుకోండి. తప్పు ఏమిటో ఖాయంగా తెలియకుండా ఉత్తరం రాస్తే, మళ్లీ దాన్ని సరిదిద్దడానికి ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఇప్పుడు ముగ్గురు కొన్నవాళ్లున్నారు. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఇద్దరైతే ఫైవ్ స్టార్ ఇచ్చి, చీర కట్టుకున్న ఫోటోలు కూడా పెట్టారు. మా ఆయన ‘వాళ్లకే తెలియనప్పుడు నువ్వెందుకు కెలుకుతావు?’ అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఆ నెల ఇంటి లోన్ కిస్తీ ఎలా కట్టాలా అన్న టెన్షన్‌లో ఉన్నారు. కానీ ఆ 21,500లో లేని వెండికి తీసుకున్న డబ్బు ఉంది. ఫోన్‌లో ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు చీర కనబడట్లేదు, ఆ డబ్బే కనబడుతోంది.

అదే రాత్రి మొదటి ఉత్తరం రాశాను. దాన్ని ఇంకా దాచుకున్నాను, చదువుతాను వినండి.

‘ప్రియమైన కస్టమర్ గారికి, మా దగ్గర షాపింగ్ చేసినందుకు ధన్యవాదాలు. మీ సంతృప్తే మా లక్ష్యం. మీరు తీసుకున్న చీర వివరాల్లో టెక్నికల్ కారణాల వల్ల చిన్న పొరపాటు జరిగి ఉండవచ్చని మా దృష్టికి వచ్చింది. జరీ క్వాలిటీ విషయంలో కొంత తేడా ఉండే అవకాశం ఉంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా గుడ్‌విల్‌గా మీ తర్వాతి కొనుగోలుపై 10 శాతం తగ్గింపు ఇస్తున్నాం.’

ఇది రాసి, చాలా మర్యాదగా ఉందని నాకు నేనే మెచ్చుకున్నాను. పొద్దున మా చెల్లెలికి చూపించాను. అది చదివి, ‘అక్కా, ఇంతకీ చీరకు ఏమైంది?’ అని అడిగింది.

అది అడిగింది నిజం. ఆ ఉత్తరం మొత్తంలో ‘ప్యూర్ జరీ అని రాశాం, అది టెస్టెడ్ జరీ’ అన్న ముక్క లేదు. ‘ఉండవచ్చు’ అన్నాను, నేను మెషీన్‌లో చూసొచ్చాక కూడా. ‘టెక్నికల్ కారణాలు’ అన్నాను, కాపీ పేస్ట్ చేసింది నా వేళ్లు. ‘చిన్న పొరపాటు’ అన్నాను, చిన్నదో పెద్దదో చెప్పాల్సింది డబ్బు కట్టినావిడ. అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది చివరి లైను. తప్పు ఒప్పుకునే ఉత్తరంలో ఇంకో చీర అమ్మబోయాను. ఆవిడకు రావాల్సిన డబ్బు ఆవిడకు చేరాలంటే, ఆవిడ మళ్లీ నా దగ్గరే డబ్బు ఖర్చుపెట్టాలట.

సరే, లెక్క దగ్గరకు వస్తాను. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఎంత వెనక్కి ఇవ్వాలి? నా ముందు మూడు లెక్కలు ఉన్నాయి. మొదటిది, 10 శాతం. 21,500లో 2,150. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడి నుంచీ రాలేదు, గుండ్రంగా ఉందని వేసిన అంకె. రెండోది, నేతాయన దగ్గర నాకు పడిన ధరలో తేడా. ప్యూర్ జరీ చీర నాకు ఎంతకు పడింది, టెస్టెడ్ ఎంతకు పడింది, ఆ తేడా ఇచ్చేయడం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. ‘ప్యూర్’ అన్న మాట మీద నేను లాభం కూడా వేసుకున్నాను కదా. ఆ లాభం నా దగ్గరే ఉండిపోతుంది. అబద్ధపు మాట మీద వచ్చిన లాభం నాది ఎలా అవుతుంది?

మూడోది, కొన్నావిడ వైపు నుంచి లెక్క. ఆ చీర వివరం సరిగ్గా రాసి ఉంటే, అదే రోజుల్లో ఆవిడ ఎంత కట్టేది? దీనికి నేను ఊహించక్కర్లేదు. అదే నెలలో అదే నేతాయన టెస్టెడ్ జరీ పట్టు చీరలు రెండు, దాదాపు ఇంతే అంచుతో, 13,800 చొప్పున అమ్మాను. బిల్లులు ఉన్నాయి. 21,500లో 13,800 తీసేస్తే 7,700. ఆవిడ ఎక్కువ కట్టింది అంతే. 10 శాతమే ఇచ్చి ఊరుకుంటే, లేని వెండికి 5,550 నేను దాచుకున్నట్టు.

అమ్మిన రోజు ధరతోనే లెక్కేయాలి. ఇవాళ వెండి పెరిగిందనో తగ్గిందనో ఇవాళ్టి ధరలు తెచ్చి లెక్క మార్చకూడదు. మీ దగ్గర అలాంటి చీర వేరే లేకపోతే, అదే రకం చీర అమ్మే వేరే ఇద్దరు ముగ్గురు ఆ రోజుల్లో ఎంతకు అమ్మారో చూసి, ఆ ధర ఎలా వచ్చిందో ఉత్తరంలోనే చెప్పండి. అంకెతో పాటు అది ఎలా వచ్చిందో చెబితేనే అవతలివాళ్లు సరిచూసుకోగలరు.

తేడా డబ్బు ఇస్తే సరిపోతుందా? సరిపోదు. ఆవిడకు అసలు టెస్టెడ్ జరీ వద్దేమో. కూతురి పెళ్లికి కొన్నదేమో. కాబట్టి చీర వెనక్కి ఇచ్చేసే దారి కూడా ఉండాలి. ఇక్కడ చిక్కేమిటంటే, అమ్మి అప్పటికి నెల దాటింది. ఒకావిడ ఫాల్, పికో వేయించేసింది. ఇంకొకావిడ బ్లౌజ్ ముక్క కత్తిరించి మగ్గం వర్క్ చేయించింది. నా రిటర్న్ పాలసీలో ‘ఫాల్ వేస్తే, బ్లౌజ్ కత్తిరిస్తే వాపసు లేదు’ అని బోల్డ్‌గా ఉంది. ఆ రూలు మనసు మార్చుకున్నవాళ్ల కోసం పెట్టింది. తప్పు నాదైనప్పుడు ఆ రూలును అడ్డం పెట్టుకోకూడదు. ఆవిడ బ్లౌజ్ కత్తిరించింది నా మాట నమ్మి.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. వివరం చెప్పి అమ్మిన సరుకు ఆ వివరానికి సరిపోవాలని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 15వ సెక్షన్ ఉంది. చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు అంటాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. ఇవి మీకు తెలియడం కోసం చెప్పాను. ఉత్తరంలో మాత్రం సెక్షన్లు రాయకండి. రాస్తే లాయర్ నోటీసులా ఉంటుంది, చదివేవాళ్లు భయపడతారు.

ఇప్పుడు పంపిన ఉత్తరం చదువుతాను. పేరు, ఆర్డర్ నంబరు తీసేశాను.

‘నమస్కారం మేడమ్. మీరు మా దగ్గర 21,500 రూపాయలకు తీసుకున్న గద్వాల పట్టు చీర (ముదురు ఆకుపచ్చ, మామిడిపండు రంగు అంచు) వివరంలో “ప్యూర్ జరీ” అని రాశాం. అది తప్పు. ఆ చీరలో ఉన్నది టెస్టెడ్ జరీ, అంటే వెండి పూత పూసిన రాగి తీగ. పట్టు మాత్రం చెప్పినట్టే అసలైనది, మగ్గం మీద నేసినదే.

పాత చీర వివరాన్ని కాపీ చేసి, జరీ మాట మార్చడం మర్చిపోయాను. తప్పు నాది. నేతవారు బిల్లులో సరిగ్గానే రాశారు. అదే పడుగు మీద నేసిన ఇంకో చీర జరీ పోగులను నిన్న మెషీన్‌లో చూపించాను, ఎక్కువ భాగం రాగి అని తేలింది. ఆ ఫోటో, బిల్లు ఫోటో దీనితో పంపుతున్నాను.

ఇదే నేతవారి టెస్టెడ్ జరీ పట్టు చీరలు అదే నెలలో 13,800కి అమ్మాను. అంటే మీ దగ్గర 7,700 ఎక్కువ తీసుకున్నాను. మీకు ఈ రెండిట్లో ఏది నచ్చితే అది చేస్తాను.

చీర ఉంచుకుంటే 7,700 వెనక్కి పంపిస్తాను. చీర వద్దనుకుంటే 21,500, మీరు కట్టిన కొరియర్ డబ్బు కలిపి మొత్తం ఇచ్చేస్తాను. చీర తీసుకెళ్లడానికి కొరియర్‌ను నేనే పంపిస్తాను. ఫాల్ వేయించినా, బ్లౌజ్ కుట్టించినా, చీర కట్టుకున్నా పర్వాలేదు. కుట్టుకూలి, వర్క్ ఖర్చు చెబితే అది కూడా ఇస్తాను.

ఈ నెలాఖరులోగా ఏ సంగతో చెప్పండి. మీ నుంచి జవాబు రాకపోతే 7,700 మీరు డబ్బు కట్టిన ఖాతాకే పంపిస్తాను. ఆ తర్వాత చీర వెనక్కి ఇవ్వాలనిపించినా ఇవ్వొచ్చు, అప్పుడు మిగతా డబ్బు ఇస్తాను.

మీ బ్యాంకు వివరాలు, ఓటీపీ, పిన్ ఏవీ నాకు అక్కర్లేదు. ఏ లింకూ నొక్కాల్సిన పని లేదు. అనుమానం ఉంటే మీకు వచ్చిన పార్సిల్ మీద ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. నా మాట నమ్మి కొన్నారు, ఆ మాట తప్పినందుకు క్షమించండి.’

అంతే. ఇందులో కొన్ని చోట్ల ఆగుతాను.

మొదటి లైన్లలోనే తప్పు ఉంది చూడండి. ఏ మాట రాశామో ఆ మాటే కొటేషన్‌లో పెట్టి, దాని పక్కనే నిజం. ఏది సరిగ్గా ఉందో కూడా వెంటనే చెప్పాలి. లేకపోతే ఆవిడకు చీర మొత్తం మీద అనుమానం వస్తుంది, పట్టు కూడా నిజం కాదేమో, మరమగ్గం మీద నేసిందేమో అని. కారణం రెండు వాక్యాల్లో అయిపోయింది. పిల్లలు, రాత్రి పదకొండు, ఇంటి లోన్, ఇవేవీ లేవు. అవన్నీ ఆవిడ మీద వేస్తే, ఆవిడే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. నేతాయన పేరు వచ్చింది ఆయన తప్పు లేదని చెప్పడానికే.

జవాబు రాకపోతే ఏం జరుగుతుందో చెప్పిన లైన్ గురించి. చాలామంది ‘15 రోజుల్లో స్పందించకపోతే ఈ ఆఫర్ చెల్లదు’ అని రాస్తారు. ఇది ఆఫర్ కాదు, ఆవిడ డబ్బు. ఆవిడ ఊరెళ్లినా, మెసేజ్ చూడకపోయినా, విసుగొచ్చి వదిలేసినా ఆ డబ్బు ఆవిడదే. ‘ఇది తీసుకుంటే ఇక ఎలాంటి ఫిర్యాదు చేయనని ఒప్పుకుంటున్నాను’ అని సంతకం పెట్టించుకునేవాళ్లు కూడా ఉన్నారు. నాకు అది మింగుడుపడదు. రివ్యూ తీసేయమని అడగడం కూడా అంతే.

ఇక చివరి పేరా. ఆ బ్యాంకు వివరాల ముచ్చట మొదట్లో నేను రాయలేదు. ఈ మార్చి రాసిన ఉత్తరం అందరికన్నా ముందు వాట్సాప్‌లో వెళ్లింది, కొన్న ముగ్గురిలో ఒకరైన రిటైర్డ్ టీచర్‌గారికి. పది నిమిషాల్లో నన్ను బ్లాక్ చేసేశారు. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత వాళ్లబ్బాయి ఫోన్ చేసి, ‘మీరెవరండీ, మా అమ్మకు డబ్బు వాపసు ఇస్తామని మెసేజ్ పెట్టారట, సైబర్ క్రైమ్‌కి కంప్లయింట్ ఇవ్వమంటారా?’ అని గట్టిగా అడిగాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు. రీఫండ్ ఇస్తామని చెప్పి లింక్ పంపి, పిన్ కొట్టించి ఖాతా ఖాళీ చేసే మోసాలు రోజూ జరుగుతున్నాయి. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదన్న సంగతి ఇంకా చాలామందికి తెలియదు. నిజాయితీగా డబ్బు వెనక్కి ఇచ్చేవాడి మెసేజ్, మోసగాడి మెసేజ్ ఈ రోజుల్లో పైకి ఒకేలా కనబడతాయి. అందుకే ఆవిడకు, నాకు మాత్రమే తెలిసిన గుర్తులు పెట్టాను, రంగు, అంచు, కట్టిన మొత్తం. ఫోన్ ఆవిడే చేసేలా పాత పార్సిల్ మీద ఉన్న నంబరు చెప్పాను. తర్వాత కాగితం మీద కూడా రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపాను. టీచర్‌గారు ఆ కాగితం చూశాకే నమ్మారు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఒక చిన్న మాట. 7,700 ఊరికే యూపీఐలో పంపేసి ఊరుకోకండి, క్రెడిట్ నోట్ ఇవ్వండి. పట్టు చీర మీద జీఎస్టీ 5 శాతం. అంటే ఆ 7,700లో సరుకు విలువ 7,333 రూపాయల 33 పైసలు, పన్ను 366 రూపాయల 67 పైసలు. క్రెడిట్ నోట్ లేకపోతే మీరు తీసుకోని డబ్బు మీద పన్ను కట్టినట్టవుతుంది. వివరాలు మీ అకౌంటెంట్‌ను అడగండి, నేను అందులో పండితురాలిని కాదు.

ఇప్పుడు ఒక చెల్లెలు చెయ్యెత్తింది. ఏమ్మా? ... ‘ధర సరిగ్గానే పెట్టి, మాట మాత్రమే తప్పు రాస్తే?’ మంచి ప్రశ్న. నాకు అది కూడా జరిగింది. మంగళగిరి కాటన్ చీరలు, 80 కౌంట్ నూలు. వివరంలో 100 కౌంట్ అని పడింది. కౌంట్ పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, బట్ట పల్చగా మెత్తగా ఉంటుంది. ధర మాత్రం 80 కౌంట్‌దే, 1,950. నూరు కౌంట్ అయితే 2,400కి అమ్మేదాన్ని. కొన్నవాళ్లు తమకు దక్కిన చీరకు సరైన ధరే కట్టారు కదా, ఇక ఇవ్వాల్సింది ఏముంది అని మొదట నాకూ అనిపించింది.

కానీ వాళ్లు కొన్నది 80 కౌంట్ చీరను 1,950కి కాదు. 100 కౌంట్ చీరను 1,950కి కొన్నారు. 80 అని తెలిసి ఉంటే కొందరు అసలు కొనేవాళ్లు కాదేమో. అందుకని ఉంచుకునేవాళ్లకు 450, వద్దనేవాళ్లకు మొత్తం డబ్బు అని రాశాను. ఒకావిడ ‘ధర సరిగ్గానే ఉంది కదమ్మా, డబ్బెందుకు?’ అని వద్దంది. ఆవిడ వద్దనడం ఆవిడ పెద్దరికం. ఇవ్వనని నేను అంటే మాత్రం అది వేరే సంగతి. ఇందులో నాతో ఏకీభవించనివాళ్లు ఇక్కడే ఉన్నారని తెలుసు, టీ దగ్గర పోట్లాడుకుందాం.

దీనికీ ఒక హద్దు ఉంది. ఎవరూ నమ్మని తప్పుకు లెక్క ఉండదు. ఒకసారి 6.3 మీటర్లు అనడానికి చుక్క మర్చిపోయి 63 మీటర్లు అని పెట్టాను. ఒకతను ‘అక్కా, 63 మీటర్లు పంపు, వీధి మొత్తం కట్టుకుంటాం’ అన్నాడు. (నవ్వులు) దానికి దిద్దితే చాలు, ఉత్తరాలు అక్కర్లేదు. ఆ తప్పును నమ్మి ఎవరూ డబ్బు కట్టరు.

ముగ్గురి సంగతి చెప్పి ముగిస్తాను. మొదటావిడ చీర ఉంచుకుని 7,700 తీసుకుంది. టీచర్‌గారు కూడా అంతే, పైగా వాళ్లబ్బాయి చేత సారీ చెప్పించారు, నాకే మొహమాటం వేసింది. మూడో ఆవిడ చీర వెనక్కి పంపేసింది. ఆవిడే బ్లౌజ్‌కు మగ్గం వర్క్ చేయించింది. వర్క్‌కు, కుట్టుకూలికి 3,200 అయిందంటూ బిల్లు పెట్టింది, ఇచ్చేశాను. ‘మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, కానీ మా వియ్యపురాలికి పెట్టాల్సిన చీర, ప్యూరే కావాలి’ అని రాసింది. కోపం లేదు, మెప్పూ లేదు. నాలుగో చీర వివరం మార్చి, ధర 13,800 చేసి, కాగితం అడిగిన ఆవిడకే మెషీన్ ఫోటోతో పంపాను. తీసుకుంది.

వెనక్కి వచ్చిన చీర బ్లౌజ్ ముక్క లేకుండా ఎవరికి అమ్ముతాను? ఇవాళ నేను కట్టుకున్నది అదే. దగ్గరికొచ్చి కొంగు చూడండి, టెస్టెడ్ జరీ ఎలా ఉంటుందో తెలుస్తుంది.